వందలో ఎన్ని రూపాయలు? – మన కంపెనీ లెక్కలను అడ్డంగా, నిలువుగా చదవడం

(రైతు ఉత్పత్తిదారుల సంస్థల సభ్యులకు, డైరెక్టర్లకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి ఏదో ఒక ఎఫ్‌పీఓలో వాటాదారులం. కొందరం డైరెక్టర్లం కూడా. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం జరుగుతుంది. వేదిక మీద నుంచి లెక్కలు చదువుతారు. అమ్మకాలు ఇన్ని లక్షలు, ఖర్చులు ఇన్ని లక్షలు, లాభం ఇంత అంటారు. పోయినేడు కంటే పెరిగిందని చెప్పగానే చప్పట్లు కొడతాం, లెక్కలు ఆమోదం పొందుతాయి, భోజనాలకు లేస్తాం. రెండేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ గోదాముకు తాళం పడుతుంది. లాభాల్లో ఉందన్నారు కదా, ఎలా మూతపడిందని అప్పుడు ఒకరినొకరం అడుగుతాం.

చాలా సందర్భాల్లో ఆ జబ్బు లెక్కల కాగితాల్లో ముందే కనిపిస్తుంది. ఎవరూ దాచిపెట్టి ఉండరు. మనమే దాన్ని చదవాల్సిన తీరులో చదవలేదు. ఆ చదివే తీరు గురించే ఈ రోజు మాట్లాడుకుందాం. ఇందుకు పెద్ద చదువు అక్కర్లేదు. భాగహారం, శాతం వస్తే చాలు. చేతిలో ఫోను ఉంటే అదే లెక్క కట్టిపెడుతుంది.

ముందు కాగితాల సంగతి. మనకు కావలసినవి రెండు. ఒకటి లాభనష్టాల ఖాతా. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాది పొడుగునా ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది అందులో ఉంటుంది. రెండోది ఆస్తి అప్పుల పట్టీ, మనం మామూలుగా బ్యాలెన్స్ షీట్ అంటాం. మార్చి 31న కంపెనీకి ఏమేం ఉన్నాయి, వాటికి పెట్టిన డబ్బు ఎవరిది అన్నది అందులో ఉంటుంది. కంపెనీల చట్టం 2013లో ఉత్పత్తిదారుల కంపెనీల కోసం ప్రత్యేక అధ్యాయం ఉంది. దాని ప్రకారం సర్వసభ్య సమావేశానికి కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుతోపాటు ఆడిట్ అయిన ఈ రెండు కాగితాలూ పంపాలి. కాబట్టి ఇవి మనం బతిమాలి తెచ్చుకునేవి కావు, మనకు అందాల్సినవి. అదే చట్టం ప్రకారం ప్రతి అంకె పక్కన పోయినేటి అంకె కూడా వేయాలి. ఒక కాగితంలోనే రెండేళ్ల లెక్క దొరుకుతుంది. పోయినేటి కాగితం దాచి ఉంచితే మూడేళ్ల లెక్క అవుతుంది.

ఇక చదివే తీరు. ఇది రెండు రకాలు.

మొదటిది అడ్డంగా చదవడం. ఒకే పద్దును ఏడాది నుంచి ఏడాదికి పోల్చడం. అమ్మకాలు అప్పుడెంత, ఇప్పుడెంత, ఎన్ని శాతం పెరిగాయి? వడ్డీ అప్పుడెంత, ఇప్పుడెంత? కాగితం మీద కన్ను ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోతుంది కాబట్టి దీన్ని అడ్డు విశ్లేషణ అంటారు. ఆడిటర్లు హారిజాంటల్ అనాలిసిస్ అంటారు.

రెండోది నిలువుగా చదవడం. ఒకే ఏడాది తీసుకుని, మొత్తం అమ్మకాలను 100 రూపాయలు అనుకుని, ఆ వందలో సరుకు కొనడానికి ఎంత పోయింది, జీతాలకు ఎంత, వడ్డీకి ఎంత, చివరికి ఎంత మిగిలింది అని పై నుంచి కిందికి చూడడం. బ్యాలెన్స్ షీట్‌లో అయితే మొత్తం ఆస్తిని 100 అనుకుంటాం. ఇలా ప్రతి పద్దునూ వందకు తెచ్చి రాసిన పట్టీని కామన్ సైజ్ స్టేట్‌మెంట్ అంటారు. చిన్న సంఘాన్నీ పెద్ద సంఘాన్నీ, చిన్న ఏడాదినీ పెద్ద ఏడాదినీ ఒకే కొలతకు తేవడమే దీని పని. అర ఎకరం దిగుబడినీ పదెకరాల దిగుబడినీ పోల్చాలంటే ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అని చూస్తాం కదా, ఇదీ అంతే.

ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సరిపోదు. అడ్డంగా చూస్తే పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది గాని, ఆ పెరుగుదల ఎంత పెద్దదో తెలియదు. నిలువుగా చూస్తే వాటా తెలుస్తుంది గాని, ఎటు పోతున్నదో తెలియదు. రెండూ కలిపి చూస్తేనే కంపెనీ నడక కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మెట్ట ప్రాంతంలో కంది రైతులు పెట్టుకున్న ఒక ఉత్పత్తిదారుల కంపెనీ అనుకుందాం. ఇది ఏ నిజమైన కంపెనీ లెక్కా కాదు. నేర్చుకోవడానికి అంకెలు సులువుగా ఉండేలా మనమే కట్టుకున్నాం, పన్ను లెక్క వదిలేశాం. సభ్యులు 1,500 మంది. తలా 2,000 రూపాయలు పెట్టారు, అంటే వాటాధనం 30 లక్షలు. కంపెనీ చేసే పని రెండు రకాలు. సభ్యుల దగ్గర కందులు కొని, మిల్లు ఆడించి, పప్పు అమ్మడం ఒకటి. సభ్యులకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మడం రెండోది. మూడేళ్ల లాభనష్టాల ఖాతా ఇలా ఉంది. అంకెలన్నీ లక్షల రూపాయలు.

| పద్దు | 1వ ఏడు | 2వ ఏడు | 3వ ఏడు |
|---|---|---|---|
| మొత్తం అమ్మకాలు | 200 | 260 | 320 |
| సరుకు కొనుగోలు | 170 | 223.6 | 278.4 |
| రవాణా, హమాలీ, మిల్లు ఖర్చు | 10 | 13 | 16 |
| జీతాలు, ఆఫీసు | 14 | 15.6 | 16 |
| బ్యాంకు వడ్డీ | 2 | 5.2 | 8 |
| వ్యాపారంలో మిగులు | 4 | 2.6 | 1.6 |
| ప్రభుత్వ గ్రాంటు | 4 | 6 | 8 |
| నికర లాభం | 8 | 8.6 | 9.6 |

వేదిక మీద చదివేది మొదటి వరుస, చివరి వరుస. అమ్మకాలు 200 నుంచి 320 లక్షలు, అంటే 60 శాతం పెరిగాయి. లాభం 8 నుంచి 9.6 లక్షలు, అంటే 20 శాతం పెరిగింది. రెండూ నిజమే. చప్పట్లు కొట్టాల్సినట్టే ఉంది. ఇప్పుడు మధ్య వరుసలు కూడా చదువుదాం.

ముందు అడ్డంగా. లెక్క కట్టే పద్ధతి ఇది. ఇప్పటి అంకెలోంచి మొదటి ఏటి అంకె తీసేయాలి. మిగిలిన దాన్ని మొదటి ఏటి అంకెతో భాగించి 100తో గుణించాలి. అమ్మకాలు 60 శాతం పెరిగాయన్నాం కదా, ఆ 60ని కొలబద్దగా పెట్టుకుందాం. ఏ పద్దు ఈ కొలబద్ద కంటే ఎక్కువ పరుగెత్తిందో, ఏది వెనకబడిందో చూద్దాం. సరుకు కొనుగోలు 170 నుంచి 278.4కి పోయింది, సుమారు 64 శాతం. కాస్త ఎక్కువ. రవాణా, హమాలీ సరిగ్గా 60 శాతం. జీతాలు, ఆఫీసు ఖర్చు 14 శాతమే పెరిగింది, ఇది మంచి మాట. బ్యాంకు వడ్డీ 2 లక్షల నుంచి 8 లక్షలకు పోయింది. అంటే 300 శాతం పెరిగింది. అమ్మకాలు ఒకటిన్నర రెట్లు దాటితే వడ్డీ నాలుగు రెట్లయింది. ఇక గ్రాంటుకు ముందున్న వరుస చూడండి. వ్యాపారంలో మిగులు 4, 2.6, 1.6. ఏటికేడు పడిపోతూ, మూడేళ్లలో 60 శాతం తగ్గింది. అమ్మకాలు ఎంత శాతం పెరిగాయో, వ్యాపారం మీద మిగులు అంత శాతం తగ్గింది.

మరి లాభం ఎలా పెరిగింది? గ్రాంటు వల్ల. ఇది మన సంస్థల లెక్కల్లో అన్నిటికంటే ముందు చూడాల్సిన పద్దు. కేంద్ర ప్రభుత్వం 2020లో 10,000 ఎఫ్‌పీఓల పథకం పెట్టింది. ఆ పథకంలో ఒక్కో సంస్థకు నిర్వహణ ఖర్చుల కింద మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారు. మన ఉదాహరణలో 4, 6, 8 కలిపితే 18. మూడేళ్లూ అయిపోయాయి. నాలుగో ఏడు ఆ వరుసలో సున్నా ఉంటుంది. అప్పుడు కంపెనీకి మిగిలేది 1.6 లక్షలు. అదీ ఇంకా తగ్గకుండా ఉంటేనే. గ్రాంటు తీసుకోవడం తప్పు కాదు, అది మన హక్కే. కానీ దాన్ని వ్యాపార లాభంలో కలిపి చదవకూడదు. లెక్క చదివే ముందు గ్రాంటును వేరు చేసి పక్కన పెట్టాలి. కొన్ని లెక్కల్లో గ్రాంటు ఆదాయం వైపు కనిపించదు. జీతాల ఖర్చులోంచి నేరుగా తీసేసి, మిగతాదే చూపిస్తారు. అప్పుడు జీతాలు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఖాతా వెనక ఉండే వివరణల పేజీలు కూడా అడిగి చూడాలి.

ఇప్పుడు నిలువుగా చూద్దాం. ప్రతి అంకెనూ ఆ ఏటి మొత్తం అమ్మకాలతో భాగించి 100తో గుణిస్తే వందకు ఎంతో వస్తుంది.

| అమ్మకాల్లో ప్రతి 100 రూపాయలకు | 1వ ఏడు | 2వ ఏడు | 3వ ఏడు |
|---|---|---|---|
| సరుకు కొనుగోలు | 85 | 86 | 87 |
| రవాణా, హమాలీ, మిల్లు ఖర్చు | 5 | 5 | 5 |
| జీతాలు, ఆఫీసు | 7 | 6 | 5 |
| బ్యాంకు వడ్డీ | 1 | 2 | 2.5 |
| వ్యాపారంలో మిగులు | 2 | 1 | 0.5 |

మొదటి ఏడు వంద రూపాయల సరుకు అమ్మితే రెండు రూపాయలు మిగిలేవి. ఇప్పుడు అర్ధరూపాయి మిగులుతున్నది. జీతాల వాటా 7 నుంచి 5కు దిగింది, రెండు రూపాయలు కలిసొచ్చాయి. కానీ సరుకు కొనుగోలు రెండు రూపాయలు, వడ్డీ ఒకటిన్నర రూపాయి, మొత్తం మూడున్నర రూపాయలు అదనంగా తీసుకుపోయాయి. వచ్చింది రెండు, పోయింది మూడున్నర. అందుకే మిగులు రూపాయిన్నర తగ్గింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. సరుకు కొనుగోలు వాటా 85 నుంచి 87కు పెరిగితే మామూలు వ్యాపారి అది చెడ్డ మాట అంటాడు. మనం అలా అనేయడానికి లేదు. ఎందుకంటే మన కంపెనీ కొనుగోలు అంటే అందులో మన కందుల ధర ఉంది. రైతుకు ఇచ్చే ధర పెంచినందువల్ల ఆ వాటా పెరిగితే కంపెనీ పెట్టిన పని నెరవేరినట్టే. ఆ రెండు రూపాయలు రైతు ఇంటికి పోయాయా, ఇంకెక్కడికైనా పోయాయా? ఇది తెలియాలంటే రెండు వ్యాపారాలనూ విడదీసి, దేని వంద దానికి వేరుగా లెక్క కట్టాలి. పై అంకెలు కలిపి ఇచ్చినా, విడివిడి అంకెలు ఆఫీసు లెడ్జర్లో ఉంటాయి. సభ్యులుగా అవి అడగండి.

విడదీస్తే ఇలా తేలింది. మొదటి ఏడు పప్పు అమ్మకం 120 లక్షలు, దానికి కందుల కొనుగోలు 99.6 లక్షలు. అంటే వందకు 83 రూపాయలు రైతుకు. మూడో ఏడు పప్పు అమ్మకం 140 లక్షలు, కందుల కొనుగోలు 116.2 లక్షలు. ఇదీ వందకు 83 రూపాయలే. రైతు వాటా ఒక్క పైసా పెరగలేదు, తగ్గలేదు. ఇక ఎరువులు, మందుల వైపు చూద్దాం. మొదటి ఏడు అమ్మకం 80 లక్షలు, కొనుగోలు 70.4 లక్షలు, అంటే వందకు 88. మూడో ఏడు అమ్మకం 180 లక్షలు, కొనుగోలు 162.2 లక్షలు, అంటే వందకు సుమారు 90. విత్తనాల కంటే యూరియా బస్తాలు ఎక్కువగా అమ్మితే ఇలాగే అవుతుంది. యూరియా ధర ప్రభుత్వం కట్టేస్తుంది, దాని మీద అమ్మేవాడికి మిగిలేది చాలా తక్కువ.

ఇంకొక పెద్ద సంగతి కూడా బయటపడింది. మొదటి ఏడు మొత్తం అమ్మకాల్లో వందకు 60 పప్పుదే. మూడో ఏడు వందకు 44కు పడిపోయింది. ఎరువులు, మందులు 40 నుంచి 56కు పెరిగాయి. అమ్మకాలు 120 లక్షలు పెరిగాయని చప్పట్లు కొట్టాం కదా, అందులో 100 లక్షలు ఎరువులు, మందులవే. పప్పు వల్ల పెరిగింది 20 లక్షలు. ఆ 20 లక్షలైనా నిజమైన పెరుగుదలేనా? మొదటి ఏడు పప్పు క్వింటాలు 12,000 చొప్పున 1,000 క్వింటాళ్లు అమ్మారు. మూడో ఏడు క్వింటాలు 14,000 చొప్పున మళ్లీ 1,000 క్వింటాళ్లే అమ్మారు. పెరిగింది ధర మాత్రమే. అదనంగా ఒక్క బస్తా కంది కూడా కంపెనీకి రాలేదు. పంటకు ధర తెచ్చుకోవడానికి పెట్టుకున్న కంపెనీ మూడేళ్లలో ఎరువుల కొట్టుగా మారిపోయింది. ఈ మాట ఏ నివేదికలోనూ రాయరు. వాటాలు లెక్క కడితేనే తెలుస్తుంది.

అడ్డంగా చదివేటప్పుడు ఈ ధర సంగతి ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. రూపాయల్లో పెరుగుదల చెప్పినప్పుడల్లా క్వింటాళ్లలో ఎంత అని అడగాలి.

ఇప్పుడు రెండో కాగితానికి, బ్యాలెన్స్ షీట్‌కు వద్దాం. వడ్డీ నాలుగు రెట్లు ఎందుకు అయిందో అక్కడ తెలుస్తుంది. ఇక్కడ మొదటి ఏడు, మూడో ఏడు చాలు. మొత్తం ఆస్తి మొదటి ఏడు 80 లక్షలు, మూడో ఏడు 160 లక్షలు. ఒక్కో దాంట్లో వందకు ఎంత ఉందో చూద్దాం.

| ఆస్తి | 1వ ఏడు లక్షలు | వందకు | 3వ ఏడు లక్షలు | వందకు |
|---|---|---|---|---|
| చేతిలో, బ్యాంకులో నగదు | 20 | 25 | 8 | 5 |
| నిల్వ సరుకు | 24 | 30 | 56 | 35 |
| సభ్యుల నుంచి రావలసిన బాకీలు | 12 | 15 | 64 | 40 |
| గోదాము, యంత్రాలు | 24 | 30 | 32 | 20 |

అప్పుల వైపు ఒక్క పద్దు చూస్తే చాలు. బ్యాంకు అప్పు 20 లక్షల నుంచి 80 లక్షలకు పోయింది. మొదటి ఏడు కంపెనీ ఆస్తిలో వందకు 25 బ్యాంకుది. ఇప్పుడు వందకు 50 బ్యాంకుది. మన వాటాధనం, నిల్వలు కలిపి అప్పట్లో వందకు 57 పైన ఉండేవి. ఇప్పుడు 40కి దిగాయి.

ఇక్కడ మొత్తం కథ ఒక దారంలో కలుస్తుంది. ఎరువుల అమ్మకం 80 నుంచి 180 లక్షలకు ఎలా పెరిగింది? అరువు మీద. ఉద్దెర అనండి, అరువు అనండి, పంట మీద ఇస్తామని సభ్యులు తీసుకుపోయారు. కంపెనీ మాత్రం టోకు డీలరుకు నగదు కట్టాలి. ఆ నగదు బ్యాంకు నుంచి తెచ్చింది. బ్యాంకు వడ్డీ తీసుకుంది. అమ్మకాలు 60 శాతం పెరిగితే బాకీలు 12 నుంచి 64 లక్షలకు, అంటే అయిదు రెట్లు దాటి పెరిగాయి. ఆ అదనపు ఎరువుల అమ్మకం మీద కంపెనీకి కొనుగోలు పోను వచ్చింది 8.2 లక్షలు. పెరిగిన వడ్డీ 6 లక్షలు. బస్తాల లారీ, హమాలీ ఖర్చు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? బ్యాంకు కోసం ఎరువులు అమ్మినట్టయింది.

బాకీలను రోజుల్లోకి మార్చి చూస్తే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. బాకీని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణించాలి. మొదటి ఏడు 22 రోజులు. మూడో ఏడు 73 రోజులు. సగటున సరుకు అమ్మిన మూడు వారాలకు చేతికొచ్చే డబ్బు ఇప్పుడు రెండున్నర నెలలకు వస్తున్నది. అన్ని అమ్మకాలూ అరువు మీద జరగవు కాబట్టి, అరువు ఇచ్చిన వాటి మీద నిజంగా పట్టే కాలం ఇంకా ఎక్కువే ఉంటుంది.

బ్యాలెన్స్ షీట్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. అది ఒక్క రోజు ఫొటో, మార్చి 31 నాటిది. పంటను బట్టి ఆ రోజు నిల్వలు, బాకీలు ఎక్కువగానో తక్కువగానో ఉండడం సహజం. వేరుశనగ సంఘానికి ఒకలా, మిర్చి సంఘానికి ఒకలా ఉంటుంది. మన కంది కంపెనీ సంగతే చూడండి. ఖరీఫ్ కంది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఇంటికొస్తుంది. కాబట్టి మార్చి 31న గోదాములో కందులు, పప్పు ఎక్కువ ఉంటే గాబరా పడనక్కర్లేదు, అది సీజను. కానీ నిల్వ సరుకు 56 లక్షల్లో పురుగుమందులు ఎంత అన్నది అడగాలి. వాటికి గడువు తేదీ ఉంటుంది. ఖరీఫ్ మొదలయ్యేది జూన్‌లో. గడువు దాటిన మందు డబ్బా కాగితం మీద ఆస్తి, గోదాములో చెత్త.

బాకీల విషయంలో అయితే సీజను మనకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఖరీఫ్‌లో ఇచ్చిన అరువు కందులు కొన్నప్పుడు, అంటే జనవరి, ఫిబ్రవరిలోనే తీరాలి. కందులు కొన్నది కంపెనీయే కదా. ఆ డబ్బులోంచి బాకీ మినహాయించుకుని మిగతాది ఇవ్వవచ్చు. అయినా మార్చి 31న 64 లక్షలు మిగిలి ఉన్నాయంటే రెండే కారణాలు. బాకీ ఉన్నవాళ్లు కందులు బయట వ్యాపారికి అమ్మారు, లేదా కంపెనీ మినహాయించుకోలేదు. పప్పు అమ్మకం 1,000 క్వింటాళ్ల దగ్గరే ఆగిపోయిందని ఇందాక చూశాం. రెండు కాగితాలూ కలిపి చదివితే మొదటి కారణమే బలంగా కనిపిస్తున్నది. ఎరువు కంపెనీ దగ్గర, పంట వ్యాపారి దగ్గర. ఇది రుజువు కాదు, అనుమానం. రుజువు కావాలంటే ఎవరెవరు ఎంత బాకీ, ఎన్ని నెలల నుంచి అన్న జాబితా చూడాలి. ఆరు నెలలు దాటిన బాకీ ఎంత, ఏడాది దాటింది ఎంత అని విడదీసి అడగాలి. ఆ 64 లక్షలు 1,500 మంది మీద కొంచెం కొంచెంగా ఉందా, యాభై మంది పెద్ద రైతుల మీద ఉందా, డైరెక్టర్ల పేర్ల మీద ఎంత ఉంది అని కూడా అడగాలి. ఆ 64 లక్షల్లో వందకు అయిదు రూపాయలు రాకపోయినా 3.2 లక్షలు పోతాయి. వ్యాపారంలో మిగులు 1.6 లక్షలే. అంటే ఆ ఒక్క దెబ్బకు కంపెనీ నష్టంలోకి పోతుంది.

శాతాలతో పని చేసేటప్పుడు మనల్ని తప్పుదారి పట్టించేవి కూడా కొన్ని ఉన్నాయి.

మొదటిది, పోల్చే ఏడు. కరువు ఏడును మొదటి ఏడుగా తీసుకుంటే తర్వాత ఏ ఏడు చూసినా గొప్పగా పెరిగినట్టే ఉంటుంది. బాగా పండిన ఏడును తీసుకుంటే అన్నీ పడిపోయినట్టు ఉంటుంది. అందుకే రెండేళ్లు సరిపోవు, కనీసం మూడేళ్లు పక్కపక్కన పెట్టాలి. ఎవరైనా నాలుగేళ్ల కిందటి ఏడుతో పోల్చి చెబుతుంటే, మధ్య ఏళ్లు ఎందుకు వదిలేశారని అడగాలి. మొదటి ఏడు నష్టం ఉంటే మాత్రం లాభం ఎన్ని శాతం పెరిగిందన్న లెక్కకు అర్థమే లేదు. అప్పుడు రూపాయల్లోనే చెప్పుకోవాలి.

రెండోది, చిన్న అంకె. టీ, అల్పాహారం ఖర్చు 5,000 నుంచి 15,000 అయితే 200 శాతం పెరిగినట్టు. సభలో దాని మీదే గంటసేపు గొడవ పడతాం. నిలువుగా చూస్తే 320 లక్షల అమ్మకాల్లో అది వంద రూపాయలకు అయిదు పైసలు కూడా కాదు. అడ్డంగా పెద్దగా కనిపించిన ప్రతిదాన్నీ నిలువుగా కొలిచి, తర్వాతే గొడవ పడాలి. వడ్డీ రెండు పక్కలా పెద్దదే, అందుకే దాన్ని పట్టుకున్నాం.

మూడోది, పద్దులు మారడం. పోయినేడు హమాలీని రవాణాలో చూపి, ఈ ఏడు కొనుగోలులో కలిపితే రెండు వాటాలూ మారిపోతాయి. నిజంగా ఏమీ మారి ఉండదు. ఒక పద్దు హఠాత్తుగా తగ్గి, ఇంకొకటి దాదాపు అంతే పెరిగితే ముందు ఇదే అనుమానించాలి. ఆడిటరును అడిగితే చెబుతారు.

చివరగా ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ లెక్కలు దొంగను పట్టివ్వవు. ఎక్కడ చూడాలో మాత్రం చూపిస్తాయి. మన కంది కంపెనీలో ఎవరూ ఒక్క రూపాయి తిన్నారని ఈ అంకెలు చెప్పడం లేదు. సీఈఓ జీతాల ఖర్చు అదుపులో పెట్టారు, రైతు వాటా తగ్గనివ్వలేదు. అరువు అడిగిన సభ్యుడికి లేదనలేకపోయారు, అంతే. అరువు అడిగింది మనమే. కాబట్టి సభలో కేకలు వేయడం కంటే తీర్మానాలు పెట్టడం మేలు. ఈ ఉదాహరణలోని కంపెనీ సభ్యులమైతే మనం మూడు తీర్మానాలు పెట్టాలి. అరువు పరిమితి సభ్యుడు పోయినేడు కంపెనీకి అమ్మిన పంటను బట్టి ఉండాలి. కందులు కొన్న రోజే పాత బాకీ మినహాయించుకోవాలి. వచ్చే ఏటి నుంచి పప్పు వ్యాపారం, ఎరువుల వ్యాపారం, గ్రాంటు, ఈ మూడు లెక్కలూ వేరువేరుగా, క్వింటాళ్లతో సహా సభ ముందు పెట్టాలి.

ఇంటికి వెళ్లాక ఎవరి సంస్థ కాగితాలు వాళ్లు తీయండి. ఒక తెల్ల కాగితం మీద మూడేళ్ల అమ్మకాలు, కొనుగోలు, జీతాలు, వడ్డీ, గ్రాంటు, లాభం రాయండి. కింద బాకీలు, నిల్వలు, బ్యాంకు అప్పు రాయండి. తొమ్మిదే వరుసలు. పక్కన ఒక గడిలో వందకు ఎంత, ఇంకో గడిలో మొదటి ఏడు నుంచి ఎన్ని శాతం అని రాయండి. అమ్మకాల కంటే వేగంగా పరుగెత్తుతున్న పద్దు చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. వచ్చే నెల తరగతికి ఆ కాగితాలు తీసుకురండి. ఎర్ర గీత పడిన పద్దులనే తీసుకుని, ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.